ఎర్తింగ్, ఎంసీబీ, ఆర్‌సీసీబీ: ఏది ఏ మంటను ఆపుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండలో, చుట్టుపక్కల మండలాల్లో ఇళ్ల వైరింగ్ పని చేస్తాను. ఇరవై ఏళ్లు దాటింది. దేవరకొండ దిక్కు పోయినా, మహబూబ్‌నగర్ దిక్కు పోయినా జనం అడిగే ప్రశ్నలు కొన్ని మాత్రం మారవు. వాటికి నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు చాలదని అనిపించి, తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ఈ మూడూ చేసేది ఒకే పని కదా? ఒకటి ఉంటే చాలదా?

కాదు. మూడింటి పనీ వేరు.

ఎంసీబీ చూసేది తీగలో ఎంత కరెంటు పోతోందన్నది ఒక్కటే. తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ పోతే అది పడిపోతుంది, అంటే దాని మీట కిందికి పడి ఆ లైనుకు కరెంటు ఆగిపోతుంది. ఆ కరెంటు ఫ్యానుకు పోతోందా, గోడలోకి పోతోందా అన్నది దానికి తెలియదు.

ఆర్‌సీసీబీ ఎంత పోతోందో చూడదు. పోయినంత తిరిగి వచ్చిందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఫేజ్ తీగలో పోయిన కరెంటు మొత్తం న్యూట్రల్ తీగలో వెనక్కి రావాలి. కొంచెం తక్కువ వచ్చిందంటే, ఆ తక్కువైంది ఎక్కడో తడిగోడలోకో, గీజర్ ఒంట్లోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోతున్నట్టు. వెంటనే పడిపోతుంది.

ఎర్తింగ్ దేన్నీ చూడదు, దేన్నీ ఆపదు. అది ఒక దారి. ఇనుప ఒంటికి కరెంటు తగిలితే, ఆ కరెంటు మనిషి కోసం కాచుకుని ఉండకుండా నేలలోకి దిగిపోయే దారి. దారి ఇచ్చినంత మాత్రాన కరెంటు ఆగదు. ఈ చివరి ముక్క అర్థం కాకపోవడం వల్లే మా దిక్కు చాలా ఇళ్లు ప్రమాదంలో ఉన్నాయని నా నమ్మకం. కింద చెప్పేదంతా దాని గురించే.

ఎర్తింగ్ ఉంది, ఎంసీబీలు కొత్తవి. అయినా మంట ఎట్లా వస్తుంది?

ఇది నన్ను ఒక ఇంటాయన అడిగిన మాట. జనవరి నెల, పొద్దున్నే ఫోను వచ్చింది. దేవరకొండ రోడ్డు వైపు ఒక డాబా ఇల్లు. పోయి చూస్తే పడకగదిలో చెక్క అల్మారా వెనక పలక నల్లగా మాడి ఉంది, లోపల మడతపెట్టిన చీరలు సగం కాలి పొగ వాసన కొడుతున్నాయి. అల్మారా జరిపితే గోడలో ఒక జంక్షన్ బాక్స్. దాని ప్లాస్టిక్ మూత కరిగి కిందికి జారింది. లోపల ఫేజ్ తీగలు, న్యూట్రల్ తీగలు బాగానే ఉన్నాయి. కాలింది ఆకుపచ్చ తీగల అతుకు. ఎర్త్ తీగలు రెండూ మెలిపెట్టి టేపు చుట్టి వదిలేశారు. ఆ టేపు బూడిదైంది, రాగి రంగు మారి నల్లగా పొడిపొడిగా రాలుతోంది.

ఆ ఎర్త్ తీగ బాత్రూంలోని గీజర్ నుంచి వస్తోంది. గీజర్ విప్పి ఎలిమెంట్ బయటికి తీశాం. మా దిక్కు బోరు నీళ్లు ఎంత గట్టి నీళ్లో చెప్పక్కర్లేదు, గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే ఎలిమెంట్ మీదా పేరుకుంటుంది. వేలు మందాన సున్నం పట్టింది. సున్నం పట్టినచోట వేడి నీళ్లలోకి పోలేక గొట్టం అతిగా కాగి, ఒకచోట సన్నగా చీలింది. చీలికలోంచి నీరు లోపలి తీగ దాకా చేరింది. అక్కడి నుంచి కరెంటు గీజర్ ఒంట్లోకి, ఒంట్లోంచి ఎర్త్ తీగలోకి, ఆ అతుకు మీదుగా పెరట్లోని ఎర్త్ గుంతలోకి దిగుతోంది.

పోయిన నెలలో రెండు గుర్తులు కనబడ్డాయని ఇంటామె తర్వాత చెప్పింది. నల్లా తిప్పితే వేళ్లకు జిల్లుమనేది. కరెంటు బిల్లు ఎక్కువొచ్చింది, చలికాలం కదా, గీజర్ వాడుతున్నామని ఊరుకున్నారు. పైపులు ప్లాస్టిక్‌వి కాబట్టి, నీళ్ల గుండానే వచ్చింది కాబట్టి జిల్లుమనడంతో ఆగింది. ఇనుప పైపులైతే నేను ఇవాళ ఇట్లా రాసేవాణ్ని కాదు.

మరి ఎంసీబీ ఎందుకు పడలేదు? చెడిపోయిందా?

చెడిపోలేదు. అది దాని పని సరిగ్గానే చేసింది. లెక్క వేస్తే తెలుస్తుంది.

ఎర్త్ టెస్టర్ పెట్టి కొలిస్తే ఆ గుంత నిరోధం 25 ఓమ్‌లు వచ్చింది. కాలిన అతుకు దగ్గర 3 ఓమ్‌లు అనుకుందాం. మొత్తం 28. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తింగ్ కూడా ఈ దారిలోనే ఉంటుంది గానీ, లెక్క తేలిగ్గా ఉండడానికి దాన్ని వదిలేద్దాం. 230 వోల్టులను 28తో భాగిస్తే 8.2 ఆంపియర్లు. నేలలోకి కారిపోతున్న కరెంటు ఇంతే.

గీజర్ 2000 వాట్లది, దాని సొంత వాడకం 8.7 ఆంపియర్లు. రెండూ కలిపితే దాదాపు 17. అక్కడున్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. 17 అంటే 16 కంటే ఎక్కువే కదా అంటారు. కానీ ఎంసీబీల ప్రమాణం ప్రకారం, దాని మీద రాసిన అంకెకు 1.13 రెట్ల దాకా, అంటే 18 ఆంపియర్ల దాకా, అది గంటసేపు పడకూడదు. 1.45 రెట్లకు, అంటే 23 ఆంపియర్లకు చేరితే గంటలోపు పడాలి. కాబట్టి 17 ఆంపియర్లు దానికి మామూలు రోజు కిందే లెక్క.

ఇప్పుడు ఆ అతుకు సంగతి చూడండి. 3 ఓమ్‌ల మీదుగా 8.2 ఆంపియర్లు పోతే పుట్టే వేడి దాదాపు 200 వాట్లు.

```
8.2 × 8.2 × 3 = 201.7 W
```

పాతకాలపు 100 వాట్ల బల్బులు రెండింటిని ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసి, దానికి చెక్క పలక ఆనించినట్టు. అరగంట సరిపోతుంది.

అంటే ఎర్తింగే మంట పెట్టినట్టా? ఎర్తింగ్ లేకుంటేనే మేలా?

అట్లా అనుకోవద్దు. ఎర్త్ లేకుంటే ఆ గీజర్ ఒళ్లు మొత్తం 230 వోల్టుల మీద నిలబడి, తాకినవాళ్ల కోసం కాచుకుని ఉండేది. తప్పు ఎర్తింగ్‌ది కాదు. ఎర్తింగ్ ఇచ్చిన దారిలో కరెంటు పోతుంటే దాన్ని చూసి ఆపేవాళ్లు ఎవరూ లేకపోవడం తప్పు.

మా నేల సంగతి కూడా చెప్పాలి. ఎర్త్‌లోకి పోయే కరెంటుతోనే 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ తప్పకుండా ఠక్కున పడాలంటే దాని గుండా అంకెకు పది రెట్లు, అంటే 160 ఆంపియర్లు పోవాలి. అంతలా పోవాలంటే మన గుంత, ట్రాన్స్‌ఫార్మర్ గుంత, మధ్య తీగలు అన్నీ కలిపి నిరోధం 1.4 ఓమ్‌లకు మించకూడదు. నల్లరేగడి నేలలో, నీళ్లుండే చోట, నాలుగైదు గుంతలు తవ్వితే దాని దగ్గరికి పోవచ్చేమో. మా చల్క నేలల్లో, నాలుగడుగులకే గుండ్రాయి తగిలేచోట, ఒక పైపుతో అది అయ్యే పని కాదు. రెండున్నర మీటర్ల పైపు దింపాల్సిన చోట రాయి అడ్డొచ్చిందని సగానికి కోసి పాతిన గుంతలు నేను చాలా చూశాను.

కాబట్టి మన దగ్గర ఎర్తింగ్, ఎంసీబీ రెండే ఉంటే, షార్ట్ సర్క్యూట్‌కూ ఓవర్‌లోడ్‌కూ రక్షణ ఉన్నట్టు. నేలలోకి కారే కరెంటుకు మాత్రం లేనట్టే. ఆ ఖాళీని నింపేది ఆర్‌సీసీబీ.

ఆర్‌సీసీబీ ఉంటే ఆ ఇంట్లో ఏం జరిగేది?

దాని లోపల ఒక ఉంగరంలాంటి ఇనుప చుట్టు ఉంటుంది. ఫేజ్, న్యూట్రల్ రెండూ దాంట్లోంచే పోతాయి. పోయేదీ వచ్చేదీ సమానమైతే ఒకదాని అయస్కాంత ప్రభావం ఇంకోదాన్ని కొట్టేస్తుంది, చుట్టు నిద్రపోతున్నట్టు ఉంటుంది. తేడా వస్తే ఆ చుట్టు మీద చుట్టిన సన్నతీగలో కరెంటు పుట్టి, అది కొక్కేన్ని లాగేస్తుంది.

ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. ప్రమాణం ప్రకారం తేడా 15 దాటాక అది ఎప్పుడైనా పడొచ్చు, 30కి చేరేసరికి తప్పక పడాలి. 15 నుంచి 30 అంటే ఎంత చిన్నదో చూడండి. ఆ ఇంట్లో చివరి రోజు కారిన 8.2 ఆంపియర్లు అంటే 8200 మిల్లీ ఆంపియర్లు. ఎలిమెంట్ చీలిక మొదట వెంట్రుకంత ఉన్న రోజునే, ఇంటామెకు నల్లా దగ్గర జిల్లుమనక ముందే, గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోయి ఉండేది. గీజర్ వేస్తేనే పడుతోందని రెండో రోజుకే అర్థమయ్యేది. కొత్త ఎలిమెంట్‌తో పోయేది.

మంట విషయంలో దీని బలం అక్కడుంది. 30 మిల్లీ ఆంపియర్లు కారుతున్నప్పుడు ఆ దారి మొత్తంలో పుట్టే వేడి 7 వాట్లే. 7 వాట్లతో చెక్క అంటుకోవడం కష్టం. కారడం 200 వాట్ల దాకా పెరగనివ్వదు.

ఎర్తింగ్ బాగాలేకున్నా ఆర్‌సీసీబీ పని చేస్తుందా?

చేస్తుంది, దాని గొప్పతనం అదే. గుంత ఎండిపోయి 100 ఓమ్‌లు అయిందనుకోండి. 230ని 100తో భాగిస్తే 2.3 ఆంపియర్లు. ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీకి మాత్రం కావలసిన దానికి డెబ్బై ఆరు రెట్లు.

అయితే ఎర్త్ తీగే లేకుంటే కరెంటుకు బయటికి పోయే దారి ఉండదు. దారి లేకుంటే తేడా రాదు, తేడా లేకుంటే అది పడదు. చెడిపోయిన గీజర్ ఒళ్లు కరెంటు నింపుకుని అట్లాగే ఉంటుంది, ఎవరైనా తడిచేత్తో తాకినప్పుడు ఆ మనిషే దారి అవుతారు. అప్పుడు ఆర్‌సీసీబీ పడుతుంది, చాలాసార్లు ప్రాణం దక్కుతుంది, కానీ దెబ్బ మాత్రం తగులుతుంది. ఎర్త్ తీగ ఉంటే మనిషి తాకేదాకా ఆగదు, ముందే పడిపోతుంది. అందుకే ఈ రెండింటినీ విడదీసి చూడొద్దంటాను.

మా ఎలక్ట్రీషియన్ ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూశాడు. బాగా వెలిగింది. ఎర్తింగ్ బాగున్నట్టే కదా?

ఉన్నట్టు. బాగున్నట్టు కాదు.

నేనూ పని నేర్చుకున్న కొత్తలో ఇట్లాగే చూసేవాణ్ని. తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది, ఈ పరీక్ష ఎంత మోసం చేస్తుందో. 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 530 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. దాని ముందు గుంత 25 ఓమ్‌లు ఎంత? పది, పదకొండు వోల్టులు మాత్రమే తగ్గుతాయి. బల్బు ధగధగా వెలుగుతుంది. పైన చెప్పిన ఇంట్లోనూ బల్బు పెడితే బ్రహ్మాండంగా వెలిగేది. మీటరుతో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టులు చూసినా అంతే, మీటరు తీసుకునే కరెంటు మరీ తక్కువ కాబట్టి పాడైన గుంత కూడా 230 చూపిస్తుంది.

బల్బు వెలగకుంటే ఎర్త్ తెగిందని మాత్రం చెప్పొచ్చు. నిజంగా ఎంతుందో తెలియాలంటే ఎర్త్ టెస్టర్ కావాలి. రెండు చువ్వలు దూరదూరంగా నేలలో గుచ్చి కొలుస్తారు, అరగంట పని. కొలిచిన అంకె ఎంసీబీలుండే డీబీ బాక్స్ మూత లోపల తేదీతో సహా రాసి పెట్టమని అడగండి. తర్వాతి వేసవిలో మళ్లీ కొలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది. బల్బు పరీక్ష మాత్రం మీరు సొంతంగా చేయొద్దు, ఒక కొన చేతిలో ఉండగా ఇంకో కొన ఫేజ్‌లో ఉంటుంది.

ఎర్త్ గుంతలో నీళ్లు పోయాలా?

పోయాలి. ఏప్రిల్, మే నెలల్లో మరీ ముఖ్యం. తడి ఉన్న మట్టిలోనే కరెంటు పోతుంది, ఎండిన చల్క నేల దాదాపు అడ్డుగోడ. బండి పెట్టుకోవడానికి బాగుంటుందని గుంత మీద కాంక్రీటు పోసేస్తారు. నేను చెప్పిన ఇంట్లో జరిగింది అదే, ఆరేళ్లుగా చుక్క నీరు పడలేదు. గరాటు, మూత ఉన్న చిన్న గూడు కట్టించి వదిలితే చాలు.

ఉప్పు, బొగ్గు వేయించిన గుంత మొదట్లో మంచి అంకె చూపిస్తుంది. కానీ వానలకు ఉప్పు కరిగి కిందికి పోతుంది, ఉన్నన్నాళ్లూ ఇనుప పైపును తింటుంది. అందుకే పైపుకు ఎర్త్ తీగ బిగించిన బోల్టును ఏడాదికోసారి చూడాలి. తుప్పు పట్టి వదులైతే కింద గుంత ఎంత బాగున్నా లాభం లేదు. రాయి తగిలే నేల అయితే, ఒకే గుంతను లోతుకు తవ్వలేక సతమతమయ్యే బదులు, పైపు పొడుగంత ఎడంతో రెండో గుంత తవ్వి రెండింటినీ కలపడం నయం.

పదేపదే ఎంసీబీ పడుతోంది. 32 ఆంపియర్లది పెట్టించుకోవచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఈ ఒక్క పని వల్ల ఎంసీబీ ఉండీ లేనట్టవుతుంది.

ఎంసీబీ మీ మిక్సీనీ ఇస్త్రీ పెట్టెనూ కాపాడదు. గోడలో ఉన్న తీగను కాపాడుతుంది. ఒక గది లైనుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగి 10 ఆంపియర్ల ఎంసీబీ పెట్టారనుకుందాం. వంటింట్లో ఆ లైను మీదే ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు, ఇస్త్రీ పెట్టె 1000, మిక్సీ 500 కలిపి వాడితే 3500 వాట్లు, అంటే 15 ఆంపియర్లు. గొట్టంలో పోయే ఆ తీగకు ఇంచుమించు అదే హద్దు. ఎంసీబీ కాసేపు ఓర్చుకుని పడిపోతుంది. "అన్నా, గిది మాటిమాటికి పడుతుంది, పెద్దది పెట్టు" అంటారు. 32ది పెడితే అది 36 ఆంపియర్ల దాకా గంటసేపు నోరెత్తదు. తీగ మోయగలిగిన దానికి రెండింతలు పోతున్నా గోడలో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లుండరు.

దీనికి మన ఎండలు తోడు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు. మే నెలలో బయట 44, 45 డిగ్రీలున్నప్పుడు స్లాబులో పోయే గొట్టం అంతకంటే వేడిగా ఉంటుంది. అంటే కరెంటు పోకముందే సగం దూరం వచ్చేసింది. తొడుగు ఒక్కరోజులో కాలదు. ఏళ్లకేళ్లు మెల్లగా గట్టిపడి, పెళుసై, ఒకరోజు మడత దగ్గర విరుగుతుంది.

ఎంసీబీ పడుతుంటే సరైన పని, బరువైన వాటికి డీబీ నుంచి వేరే లైను లాగించడం. గీజర్‌కు, ఏసీకి, ఇండక్షన్ పొయ్యికి దేనికి దానికి. తీగ మార్చకుండా ఎంసీబీ అంకె పెంచే మనిషిని మళ్లీ పనికి పిలవొద్దు.

ఆర్‌సీసీబీ ఊరికే పడుతోంది. తీసేసి డైరెక్ట్ చేస్తానంటున్నాడు.

ఊరికే పడడం అనేది చాలా అరుదు. తొంభై పాళ్లు ఏదో ఒక కారణం ఉంటుంది, అది వెతకడానికి ఓపిక లేక తీసేస్తారు. ఇట్లా పీకి పక్కన పడేసిన ఆర్‌సీసీబీలు ఎన్ని ఇళ్లలో చూశానో. ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

వెతికే తీరు ఇది. డీబీలోని ఎంసీబీలన్నీ దించేయండి. ఆర్‌సీసీబీని ఎత్తండి. నిలబడితే ఒక్కో ఎంసీబీని ఎత్తుతూ పోండి. ఒకదాన్ని ఎత్తగానే పడితే ఆ లైను మీద ఉన్న ప్లగ్గులన్నీ పీకి మళ్లీ ఎత్తండి. అప్పుడు నిలబడితే తప్పు పీకిన వస్తువుల్లో ఉన్నట్టు, ఒక్కోటి పెట్టి చూస్తే దొంగ దొరుకుతుంది. గీజర్, వాషింగ్ మిషన్, పాత ఫ్రిజ్, బోరు మోటరు, ఈ నాలుగింటి మీదే ముందు అనుమానం పెట్టుకోండి. వానాకాలంలోనే పడుతుంటే బయటి గేటు లైటును, మిద్దె మీది బోర్డును చూడండి.

ఏ ఎంసీబీ ఎత్తినా పడుతోందంటే అది వేరే జబ్బు. ఎక్కడో న్యూట్రల్ తీగ ఎర్త్ తీగకు తగులుతోంది, లేదా న్యూట్రల్‌లు కలగాపులగం అయ్యాయి. ఇన్వర్టర్ పెట్టించిన తర్వాత మొదలైతే నూటికి నూరుపాళ్లు న్యూట్రల్ గొడవేనని ముందు అనుకుంటాను. ఇన్వర్టర్ బిగించేవాళ్లు ఫేజ్‌ను ఆర్‌సీసీబీ తర్వాతి నుంచి తీసుకుని, న్యూట్రల్‌ను మాత్రం దానికి ముందున్న పట్టీ మీద కలిపేస్తారు. ఫ్యాను వేస్తే పోయిన కరెంటు ఆర్‌సీసీబీలోంచి పోయింది, తిరిగొచ్చేది దాన్ని తప్పించుకుని వచ్చింది. 70 వాట్ల ఫ్యాను తీసుకునేదే 300 మిల్లీ ఆంపియర్లు, అది పడాల్సిన దానికి పది రెట్లు. పడక ఏం చేస్తుంది? న్యూట్రల్‌ను సరైన పట్టీ మీదికి మారిస్తే పదినిమిషాల్లో తీరిపోతుంది.

దాని మీదున్న చిన్న బటన్ ఎందుకు? నొక్కితే ఏమైనా అవుతుందా?

టి అక్షరం ఉన్న ఆ బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ తనలో తానే చిన్న తేడా పుట్టించుకుని పడిపోతుంది. మళ్లీ ఎత్తితే సరి. నెలకోసారి నొక్కండి. ఏళ్ల తరబడి కదలకుంటే లోపలి కొక్కెం బిగుసుకుపోతుంది. నొక్కినా పడకుంటే ఆ రోజే మార్పించండి.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. బటన్ పని చేసిందంటే ఆర్‌సీసీబీ బాగుందని అర్థం. ఎర్త్ తీగ ఉందా తెగిందా అన్నది ఆ బటన్ చెప్పదు, ఎర్త్ లేకున్నా అది పడుతుంది.

మా డబ్బాలో ఏది ఏదో ఎట్లా గుర్తుపట్టాలి?

టెస్ట్ బటన్ ఉండి, 30 ఎంఏ అనో 0.03 ఆంపియర్లనో రాసి ఉంటే ఆర్‌సీసీబీ. బటన్ లేకుండా సి16, సి32 లాగా రాసి ఉంటే ఎంసీబీ. రెండు ఎంసీబీల వెడల్పు ఉన్న మెయిన్ స్విచ్‌ను చూసి అదే ఆర్‌సీసీబీ అనుకునేవాళ్లు చాలామంది, బటన్ ఉందో లేదో చూడండి. రెండు పనులూ ఒకే డబ్బాలో చేసే ఆర్‌సీబీఓ అని ఇంకోటి దొరుకుతుంది, గీజర్ లైనుకు విడిగా పెట్టుకోవడానికి బాగుంటుంది.

ఉత్త ఆర్‌సీసీబీ ఓవర్‌లోడ్‌నూ షార్ట్ సర్క్యూట్‌నూ పట్టదు. ఫేజ్, న్యూట్రల్ ఒకదానికొకటి తగిలితే పోయిందీ వచ్చిందీ సమానమే, దానికి తేడా కనబడదు. అందుకే దాని ముందు ఎంసీబీ ఉండాలి, ఆర్‌సీసీబీ మీదున్న ఆంపియర్ల అంకె ఆ ఎంసీబీ అంకె కంటే తక్కువ కాకూడదు. 32 మెయిన్‌కు 40 ఆర్‌సీసీబీ పెడతాం.

100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా ఉన్నాయి. మంట కోసం అవే పెట్టాలంటారు?

300ది మంట నుంచి రక్షణ కోసమే తయారైంది, పెద్ద ఇళ్లలో మెయిన్ దగ్గర పెడతారు. అది మనిషి ప్రాణానికి భరోసా ఇవ్వదు. మామూలు ఇంటికి 30ది రెండు పనులూ చేస్తుంది. ఇల్లంతటికీ ఒకటే పెడితే ఒకచోట తప్పుకు అంతా చీకటవుతుంది కాబట్టి, వీలైతే లైట్లకొకటి, ప్లగ్గులూ గీజర్‌కొకటి పెట్టించుకోండి.

మూడూ పెట్టించాను. ఇక మంట భయం లేదా?

రెండు రకాల మంటలను ఈ మూడూ పట్టలేవు.

మొదటిది లూజ్ కాంటాక్ట్. గీజర్ ప్లగ్గు సాకెట్‌లో వదులుగా కూర్చుంది. పోయే కరెంటు అదే 8.7 ఆంపియర్లు, ఎంసీబీకి అభ్యంతరం లేదు. పోయిందంతా తిరిగొస్తోంది, ఆర్‌సీసీబీకీ అభ్యంతరం లేదు. వదులుగా ఉన్న చోట అర ఓమ్ నిరోధం ఉంటే చాలు, దాదాపు 40 వాట్ల వేడి ఒక చిన్న ఇత్తడి ముక్క మీద పుడుతుంది. ప్లగ్గు కాలు గోధుమరంగుకు తిరగడం, సాకెట్ రంధ్రం చుట్టూ పసుపు మచ్చ, చేపలు మాడినట్టు వాసన, స్విచ్ వేస్తే చిటపట, ఇవి దాని గుర్తులు. వాడిన అరగంటకు ప్లగ్గు పీకి కాలు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే సాకెట్, ప్లగ్గు రెండూ మార్చాలి, ఒకటి మారిస్తే రెండోది దాన్నీ పాడుచేస్తుంది. డీబీలోని స్క్రూలన్నీ రెండేళ్లకోసారి, మెయిన్ దించి, బిగించమనండి.

రెండోది స్తంభం మీద న్యూట్రల్ తెగడం. గాలివానకు ఇది మామూలే. అప్పుడు కొన్ని ఇళ్లకు 230 బదులు 300, 350 వోల్టులు వస్తాయి. బల్బులు ఒక్కసారి తెల్లగా మండడం, ఫ్యాన్లు వింతగా ఉరకడం కనబడితే మెయిన్ దించేసి 1912కు ఫోన్ చేయండి. వోల్టేజీ ఎక్కువైతే కట్ చేసే పరికరం విడిగా దొరుకుతుంది, అది వేరే ఖర్చు.

పాత ఇల్లు, రెండు తీగల వైరింగ్, ఎర్త్ లేదు. ఒకేసారి అంత డబ్బు లేదు. ఏది ముందు?

ఆర్‌సీసీబీ ముందు. డీబీ బాక్స్ దగ్గర ఒక పూట పని, గోడలు పగలగొట్టక్కర్లేదు. ఎర్త్ లేకున్నా తడిగోడలోకి కారేదాన్ని, మనిషికి తగిలేదాన్ని అది పడుతుంది. అదేరోజు ఎంసీబీ అంకెలు తీగ మందానికి సరిపోతున్నాయా అని చూసి, ఎక్కువున్నవి తగ్గించమనండి, దానికి పెద్ద ఖర్చుండదు.

తర్వాత వానాకాలం ముగిశాక నేల మెత్తగా ఉన్నప్పుడు గుంత తవ్వించండి. అక్కడి నుంచి ఎర్త్ తీగను ఇల్లంతా తిప్పలేకపోతే ముందు మూడు చోట్లకు లాగించండి: గీజర్, ఫ్రిజ్, బోరు మోటరు స్టార్టర్. గోడ మీద పట్టీలు కొట్టి పైపైనే లాగినా పర్వాలేదు, అందం తక్కువైనా పని అదే. ఒకటే షరతు, మధ్యలో అతుకులు వద్దు. తప్పనిసరైతే స్క్రూ కనెక్టర్ పెట్టి బిగించమనండి, ఆ అతుకు బట్టల అల్మారా వెనక కాకుండా కళ్లకు కనబడే చోట ఉండనివ్వండి.